మోటారు డబ్బాలో సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

వరి కోతలు అయిపోయి మొక్కజొన్న వేసుకునే రోజులు వచ్చాయంటే మన తెనాలి, కొల్లిపర, భట్టిప్రోలు, రేపల్లె సైడు ఊళ్లల్లోకి పెట్టెలు పట్టుకుని సేల్స్ కుర్రాళ్లు దిగుతారు. సెల్లుతో మోటారు వేసుకోండి అని ఒకడు, నేలలో తేమ సెల్లులో చూసుకోండి అని ఇంకొకడు. రొయ్యల చెరువులున్న నిజాంపట్నం వైపు అయితే ఆక్సిజన్ మీటర్లు తెచ్చేవాళ్లు వేరే. వీళ్లందరూ చూపించేది ఒకటే, సెల్లులో రంగురంగుల యాప్. మనం అడగాల్సింది మాత్రం యాప్ గురించి కాదు. ఆ డబ్బాలో ఉన్న సిమ్ గురించి. అది ఎవరి పేరు మీద ఉంది, ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, ఎన్నిసార్లు మాట్లాడుతుంది, ఎవరితో మాట్లాడుతుంది. డబ్బా ఎంత గట్టిదైనా సిమ్ పోయిన రోజున అది ఉత్త ఇనప ముక్కే. నా వాదన అంతా ఇంతే. మిగతాది ఎందుకో చెబుతాను, కాస్త పొడుగుంటుంది, తీరికగా చదవండి.

ముందు మనందరికీ తెలిసిన మొబైల్ స్టార్టర్ సంగతి. మన దగ్గర ఎక్కువమంది పెట్టుకున్నది పాత రకం, టూజీ మోడెం ఉన్నది. అందులో మనం వేసేది మామూలు సిమ్మే, మన ఆధార్ ఇచ్చి మన పేరు మీద తెచ్చుకున్నది. దానికి ఫోన్ కొడితే మోటారు లేస్తుంది, మళ్లీ కొడితే ఆగుతుంది, ఫేజు పోతే మెసేజ్ వస్తుంది. ఇందులో జియో సిమ్ వేస్తే పనిచేయదు. డబ్బా చెడిపోయిందని చాలామంది తిప్పి పంపుతుంటారు. డబ్బా తప్పు కాదండి. జియో వాళ్లకి టూజీ అసలు లేదు, మొదటి నుంచీ ఫోర్‌జీయే. అందుకే పాత స్టార్టర్లకి ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ మాత్రమే దిక్కు. ఇప్పుడు కొత్తది కొనేవాళ్లు టూజీ మాత్రమే ఉన్నది కొనొద్దని నా సలహా. త్రీజీని ఎయిర్‌టెల్ 2020 నాటికే తీసేసింది. టూజీ కూడా ఎత్తేయాలని జియో వాళ్లు ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉన్నారు. ఎప్పుడు తీస్తారన్నది పక్కన పెట్టండి, పదేళ్లు వాడదామని కొనే డబ్బాకి ఆ భయం ఎందుకు? ఫోర్‌జీ, టూజీ రెండూ పట్టే మోడెం ఉన్నది అడగండి.

ఈ మామూలు సిమ్‌తో రెండో బాధ రీచార్జి. 28 రోజుల ప్యాకు అంటే ఏడాదికి 13 సార్లు. నెలకి ఒకసారి అని మనం అనుకుంటాం, పదమూడోది వాడు కలిపి తీసుకుంటాడు. పైగా స్టార్టర్‌కి డేటాతో పని లేదు, కాల్, మెసేజ్ చాలు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక రూలు పెట్టింది, కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకు ప్రతి కంపెనీ ఇవ్వాల్సిందేనని. ఆ ప్యాకులు ఇప్పుడున్నాయి, ఎక్కువ రోజులవీ ఉన్నాయి. షాపులో కుర్రాడు వాటిని తనంతట తాను చెప్పడు. పేరు పెట్టి అడగండి, స్టార్టర్‌కి అదే సరిపోతుంది.

మూడోది ఖర్చుది కాదు, కేసులది. చేలో స్టార్టర్ డబ్బాలు ఎత్తుకుపోవడం మనకి కొత్త కాదు. రాగి కోసం ఎత్తుకుపోయినవాడి చేతికి మీ పేరు మీదున్న సిమ్ కూడా పోతుంది. డబ్బా పోయిందని కంప్లైంట్ ఇస్తాం, సిమ్ సంగతి మర్చిపోతాం. ఆ సిమ్‌తో ఎవడైనా ఎవరినైనా మోసం చేస్తే మొదట వచ్చేది మీ ఇంటికే. కాబట్టి డబ్బా పోయిన రోజే సిమ్ బ్లాక్ చేయించండి. మూలన పడేసిన పాత స్టార్టర్లలో సిమ్‌లు ఉంటే తీసి రద్దు చేయించండి. మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కేంద్రం వాళ్ల `sancharsaathi.gov.in` లో చూసుకోవచ్చు. మీ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేస్తే మొత్తం లిస్టు వస్తుంది. మనది కాని నంబరుంటే అక్కడే చెప్పొచ్చు. ఒక మనిషికి తొమ్మిది సిమ్‌లే పరిమితి. నాలుగు చోట్ల మోటార్లున్న రైతుకి, ఇంట్లో పిల్లల సిమ్‌లూ ఆయన పేరునే ఉంటే, ఆ లెక్క ఇట్టే నిండిపోతుంది.

ఈ చిక్కులన్నీ ఎందుకంటే మనుషులు మాట్లాడుకోవడానికి పెట్టిన సిమ్‌ని మిషన్లో వేస్తున్నాం కాబట్టి. మిషన్లకని వేరే సిమ్ ఉంది. దాన్ని ఎంటూఎం సిమ్ అంటారు, అంటే మిషన్‌కీ మిషన్‌కీ మధ్య నడిచేది. దాని నంబరు పది అంకెలు కాదు, 13 అంకెలు. 2018 జులై నుంచి టెలికాం శాఖ వీటికి ఈ వరస ఇచ్చింది, లేకపోతే మనుషుల నంబర్లు అయిపోతాయని. ఈ సిమ్ తీసి మీ ఫోన్లో వేసుకుంటే పనికిరాదు. ముందే రాసిపెట్టిన సర్వరుతోనే డేటా నడుస్తుంది, కాల్స్, మెసేజ్‌లు కూడా ముందే ఇచ్చిన కొద్ది నంబర్లకే. దొంగ ఎత్తుకుపోయినా దాంతో చేసేది పెద్దగా ఏమీ ఉండదు. అది మన పేరు మీద ఉండదు, డబ్బా అమ్మిన కంపెనీ పేరు మీద ఉంటుంది. రీచార్జి బాధ మనకి లేదు, కంపెనీ మొత్తం సిమ్‌లకి కలిపి కడుతుంది.

వినడానికి బాగానే ఉంది కదా. అసలు మెలిక ఇక్కడే ఉంది. కంపెనీ కట్టడం మానేస్తే? మా బంధువుల ఊళ్లో లంక పొలాల్లో నలుగురు అరటి రైతులు కలిసి నేల తేమ చూపించే సెన్సర్లు పెట్టించుకున్నారు. మొదటి రెండేళ్లు బాగానే నడిచాయి. మూడో ఏడు ఒక రోజున నలుగురివీ ఒకేసారి ఆగిపోయాయి. బ్యాటరీలు మార్చారు, రాలేదు. మెకానిక్‌ని పిలిచారు, సెన్సర్ బాగానే ఉందన్నాడు. చివరికి తేలింది ఏమిటంటే అమ్మినవాళ్లు వ్యాపారం ఎత్తేశారు, సిమ్‌లు అన్నీ ఆగిపోయాయి. సిమ్ మనం మార్చుకుందామంటే అది బోర్డు మీద అతికించిన చిప్పు, ఊడదు. ఊడినా డేటా పోయేది ఆ కంపెనీ సర్వరుకే, ఆ సర్వరు లేదు. మనిషి బాగానే ఉన్నాడు, నోరు పడిపోయింది అన్నట్టు తయారైంది. ఒకటి రెండు ఆగితే బ్యాటరీ, సిగ్నల్ అనుమానించాలి. ఊళ్లో అన్నీ ఒకే రోజు ఆగితే అది సిమ్ బిల్లో, సర్వరో. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మెకానిక్ కూలి మిగులుతుంది.

అందుకని ఎంటూఎం సిమ్ ఉన్న డబ్బా కొనేటప్పుడు, సిమ్ చార్జీ ఎన్నేళ్లకి కట్టి ఉందో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట వద్దు. ఆ తర్వాత ఏడాదికి ఎంతో కూడా రాయించండి. సిమ్ ఊడదీసే రకమా, అతికించిన రకమా అడగండి. డేటా మనకి ఎక్సెల్ లాగా ఇస్తాడా లేదా అడగండి. వీటికి జవాబు చెప్పలేని మనిషి దగ్గర కొనకపోవడమే మేలు.

ఇప్పుడు అసలు కొత్త సంగతికి వద్దాం. ఈ మధ్య సెన్సర్ల పెట్టెల మీద ఎన్‌బీ ఐఓటీ అని రాసుంటుంది. మనోళ్లు ఇది ఫైవ్‌జీ కంటే కొత్తదేమో, ఇంకా స్పీడేమో అనుకుంటారు. స్పీడు విషయంలో పూర్తిగా ఉల్టా. ఇది కావాలని నెమ్మదిగా చేసిన నెట్‌వర్క్. 2016లో దీని ప్రమాణం ఖాయమైంది. ఫోర్‌జీ టవరే, అదే యాంటెన్నా, కానీ అందులో సన్నటి ఒక్క పాయ వాడుతుంది. ఫోర్‌జీని 50 సాళ్ల చేను అనుకుంటే, అందులో ఒక్క సాలు దీనికి. వీడియో రాదు, కాల్ మాట్లాడలేం. తేమ ఇంత, నీటి మట్టం ఇంత, వోల్టేజి ఇంత అనే నాలుగు అంకెలు పంపడానికి అది చాలు.

అంత సన్నగా పెట్టి ఏం బాగుపడ్డారంటే, దూరం. టూజీ సిగ్నల్ అందని చోట కూడా ఇది అందుకుంటుంది. లెక్క ప్రకారం టూజీ కంటే వంద రెట్లు బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టగలదు. ఎలా పడుతుంది? కాలవ అవతల గట్టు మీద మనిషికి మనం కేక వేస్తే గాలికి సగం వినపడదు. అప్పుడు అదే మాట పదిసార్లు అరుస్తాం, ఒక్కోసారి ఒక్కో ముక్క అందుతుంది, అన్నీ కలుపుకుని ఆయన అర్థం చేసుకుంటాడు. ఇదీ అంతే. సిగ్నల్ బాగున్న చోట ఒకసారి చెబుతుంది. బాగాలేని చోట అదే ముక్కని మళ్లీ మళ్లీ పంపుతుంది, సెన్సర్ వైపు నుంచి 128 సార్ల దాకా. కాబట్టి సిగ్నల్ లేకపోయినా అందుతుంది అనే సేల్స్ కుర్రాడి మాట అబద్ధం కాదు. అన్నిసార్లు అరవడానికి గొంతు అరిగేది మన బ్యాటరీకి, ఆ ముక్క మాత్రం వాడు చెప్పడు.

పదేళ్ల బ్యాటరీ అని పెట్టె మీద ఉంటుంది. దాన్ని ఒకసారి లెక్క వేసి చూద్దాం. నేను తీసుకున్న అంకెలు ఉదాహరణకి, మోడెంని బట్టి అటూ ఇటూ అవుతాయి, దారి మాత్రం ఇదే. సెన్సర్లో ఉండే లిథియం బ్యాటరీ 8,500 ఎంఏహెచ్ అనుకోండి. రోజుకి నాలుగుసార్లు, ఆరు గంటలకొకసారి రీడింగ్ పంపుతుంది. మిగతా టైమంతా నిద్రపోతుంది, నిద్రలో తాగేది రోజుకి 0.12 ఎంఏహెచ్. సిగ్నల్ బాగున్న చోట, లేచి పంపి మళ్లీ పడుకోవడానికి పది సెకన్లు, సగటున 60 మిల్లీ ఆంపియర్లు. అంటే ఒక్కసారికి 0.17, నాలుగుసార్లకి 0.68, నిద్రతో కలిపి రోజుకి 0.8. ఏడాదికి 290 చిల్లర. ఈ లెక్కన ఇరవై తొమ్మిదేళ్లు రావాలి, కానీ బ్యాటరీ దానంతట అదే కొంత పోతుంది, సెన్సరూ కొంత తాగుతుంది. పదేళ్లు అన్నమాట నమ్మొచ్చు.

ఇప్పుడు అదే సెన్సర్‌ని టవర్‌కి దూరంగా, పల్లపు చేలో, నిలువెత్తు మొక్కజొన్న మధ్యలో పెట్టండి. ఒక్క రీడింగ్ పంపడానికి 90 సెకన్లు పట్టింది, గట్టిగా అరవాలి కాబట్టి సగటున 120 మిల్లీ ఆంపియర్లు. ఒక్కసారికి 3 ఎంఏహెచ్. నాలుగుసార్లకి 12. ఏడాదికి 4,400 చిల్లర. బ్యాటరీ రెండేళ్లు కూడా రాదు. మనోడు ఊరుకోకుండా యాప్‌లో గంటకొకసారి చూపించమని పెట్టాడనుకోండి, రోజుకి 72. నాలుగు నెలల్లో అయిపోతుంది, అంటే సరిగ్గా ఒక మొక్కజొన్న పంట. డబ్బా ఒకటే, బ్యాటరీ ఒకటే. పెట్టిన చోటు, మాట్లాడిన సార్లు మారాయి, అంతే. నేల తేమ గంట గంటకీ మారదండి. మన నల్లరేగడిలో రోజుకి రెండుసార్లు తెలిస్తే ఎక్కువ.

చోటు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మన ఫోన్లో గీతలు చూసి నమ్మొద్దు. ఏ నెట్‌వర్క్ సిమ్ డబ్బాలో ఉందో అదే నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్‌ని డబ్బా పెట్టే చోట, డబ్బా ఎత్తులోనే పట్టుకోండి. సెట్టింగ్స్‌లో `About phone`, అందులో `SIM status`, అక్కడ `Signal strength` అని `dBm` అంకె ఉంటుంది. ముందు మైనస్ ఉంటుంది కాబట్టి చిన్న అంకె మంచిది. మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 110 దాటితే ఆలోచించాలి. ఇది ఫోర్‌జీ అంకె, ఎన్‌బీ ఐఓటీ ఆ టవర్ మీద ఉందో లేదో ఇది చెప్పదు, అది డబ్బా బిగించాకే తెలుస్తుంది. బిగించే కుర్రాడి దగ్గర ల్యాప్‌టాపో, వాళ్ల యాపో ఉంటుంది. అందులో `ECL` అంకె చూపించమనండి. 0 అంటే ఒకసారి చెబితే అందుతోంది. 1 అంటే కొన్నిసార్లు చెప్పాలి. 2 అంటే గొంతు చించుకుంటోంది, బ్యాటరీ తగలడుతుంది. 2 చూపిస్తే డబ్బుల సంగతి తర్వాత, ముందు యాంటెన్నా ఎత్తు పెంచమని చెప్పండి. ఈ అంకె అడిగేసరికి కుర్రాడు మనల్ని చూసే చూపు మారుతుంది, అది వేరే సరదా.

మే నెలలో ఖాళీ చేలో పెట్టి చూస్తే అంతా బాగుంటుంది. జనవరికి మొక్కజొన్న నిలువెత్తు లేచి, మంచుకి ఆకులు తడిసి ఉంటాయి. తడి ఆకు సిగ్నల్‌ని తాగేస్తుంది. అరటి తోట ఇంకా ఘోరం. కాబట్టి యాంటెన్నా పంట ఎదిగిన ఎత్తుకి పైన ఉండాలి, పైపుకి కట్టండి. ఇంకోటి, మనం ఏదైనా సరే భద్రంగా స్టార్టర్ ఇనప డబ్బాలో పెట్టి తాళం వేస్తాం. ఇనప డబ్బాలో సిగ్నల్ బతకదు. యాంటెన్నా వైరు డబ్బా బయటికి రావాల్సిందే.

ఇంకొక్క పరిమితి చెప్పి ముందుకెళ్తాను, ఇది తెలియక కొన్నవాళ్లు ఉన్నారు. ఎన్‌బీ ఐఓటీ డబ్బా బ్యాటరీ మిగలడం కోసం నిద్రపోతుందని చెప్పాను కదా. నిద్రలో ఉన్నప్పుడు మనం ఎంత పిలిచినా దానికి వినపడదు. తనంతట తాను లేచినప్పుడే మన మాట తీసుకుంటుంది. అందుకే ఇది చెప్పడానికి బాగుంటుంది, చేయించడానికి కాదు. మోటారు ఇప్పుడే ఆపాలి అంటే అది ఆరు గంటల తర్వాత లేచి ఆపితే మన చేను చెరువు అయిపోతుంది. మోటారు దగ్గర ఎలాగూ కరెంటు ఉంది, అక్కడ నిద్రపోవాల్సిన అవసరం లేదు, కాబట్టి స్టార్టర్‌కి ఎప్పుడూ మెలకువగా ఉండే మామూలు ఫోర్‌జీ, టూజీ మోడెమే మంచిది. కదిలే బండికి పెట్టే ట్రాకర్‌కి కూడా ఎన్‌బీ ఐఓటీ అంత నప్పదు, ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మధ్యలో మాట తెగకుండా అందించుకునే గుణం దానికి లేదు. బస్సులు, ట్యాక్సీలకి తప్పనిసరి చేసిన ట్రాకర్లు మామూలు సెల్ నెట్‌వర్క్ మీదే నడుస్తాయి, వాటిలో ఊడదీయలేని ఎంటూఎం సిమ్ ఉంటుంది. కదలకుండా ఒకచోట పడి ఉండి, రోజుకి నాలుగు మాటలు చెప్పేవాటికే ఎన్‌బీ ఐఓటీ.

అలాంటిది ఇంకోటి ఏముంది? కరెంటు మీటరు. మన దేశంలో దీన్ని పెద్ద ఎత్తున వాడుతున్నది అక్కడే. 2022లో బీహార్‌లో 13 లక్షల ఇళ్ల మీటర్లని ఎన్‌బీ ఐఓటీ మీద కలపడానికి ఎయిర్‌టెల్, సెక్యూర్ మీటర్స్ ఒప్పందం చేసుకున్నాయి. అందులో తెలివైన పని ఏమిటంటే, ఎన్‌బీ ఐఓటీ అందకపోతే ఫోర్‌జీకో టూజీకో మారే ఏర్పాటు పెట్టారు. ఒక్క దారినే నమ్ముకోలేదు. మనం కొనే డబ్బాలోనూ ఇదే అడగాలి.

మన రాష్ట్రంలో మోటార్లకి మీటర్లు అనగానే రాజకీయం అయిపోతుంది. 2020లో ఉచిత కరెంటు డబ్బు రైతు ఖాతాలో వేసే పథకం అని మొదలుపెట్టి, ముందుగా శ్రీకాకుళం జిల్లాలో మీటర్లు బిగించారు. ఉరితాళ్లు అన్నవాళ్లున్నారు, లెక్క తేలుతుంది అన్నవాళ్లున్నారు. నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడను. నా భయం నాకూ ఉంది. స్మార్ట్ మీటరులో దూరం నుంచి కరెంటు ఆపే స్విచ్ ఉంటుంది, ఆ సంగతి దాచి మాట్లాడేవాళ్లని నమ్మను. కానీ భయపడాల్సిన దానికి భయపడాలి, లేనిపోనిదానికి కాదు. సిగ్నల్ లేకపోతే రీడింగ్ ఎక్కువ తిరుగుతుందని మన రచ్చబండ దగ్గర ఒక మాట నడుస్తోంది. అది కాదండి. యూనిట్లు లెక్కపెట్టే పని మీటరు లోపల జరుగుతుంది, సిమ్ చేసేది ఆ లెక్క మోసుకెళ్లడం ఒక్కటే. సిగ్నల్ లేకపోతే మీటరు ఆ లెక్క తనలోనే దాచుకుంటుంది, సిగ్నల్ వచ్చాక పంపుతుంది. పోస్ట్‌మన్ రాకపోతే ఉత్తరంలో అక్షరాలు మారవు కదా.

మరి నా వాదన ఏమిటంటే, ఆ మీటరు యూనిట్లు ఒక్కటే లెక్కపెట్టదు. పావుగంటకో అరగంటకో ఒకసారి వోల్టేజి ఎంతుందో కూడా రాసుకుంటుంది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది టైముతో సహా ఉంటుంది. మన మోటార్లు కాలేది ఎక్కువగా దేనివల్ల? లో వోల్టేజి వల్ల, ఒక ఫేజు పోవడం వల్ల. ట్రాన్స్‌ఫార్మర్ చివరి పొలం వాడికి వోల్టేజి పడిపోయి, మోటారు మూలుగుతూ ఎక్కువ ఆంపియర్లు లాగి, వైండింగ్ కాలుతుంది. వెళ్లి చెబితే అక్కడ వోల్టేజి బాగానే ఉంది, నీ మోటారు పాతది అంటారు. మన దగ్గర కాగితం లేదు కాబట్టి నోరు మూసుకుని రీవైండింగ్‌కి కట్టుకుంటాం. రేపు మన మోటారు దగ్గర మీటరు పెడితే, ఆ కాగితం మీటరులోనే ఉంటుంది, సిమ్ మీద రోజూ డిస్కంకి పోతూనే ఉంటుంది. మన పొలంలో ఉన్న మీటరు, మన మోటారు గురించి చెప్పే మాట, మనకి తప్ప అందరికీ తెలుస్తుంది. ఇది ఒప్పుకోకూడదు. మీటరు వద్దు అని ఒక గొంతు, కావాలి అని ఒక గొంతు ఉన్నాయి. మూడో గొంతు కావాలి. పెడితే, ఆ వోల్టేజి రికార్డు మా సెల్లుకి కూడా రావాలి, ఏఈ గారి ఆఫీసులో అడిగితే ప్రింటు ఇవ్వాలి, మోటారు కాలినప్పుడు దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి. మీటర్ల గురించి ఊళ్లో మీటింగ్ ఎప్పుడు పెట్టినా ఈ మూడూ రాతపూర్వకంగా అడుగుదాం.

రేపల్లె, నిజాంపట్నం రొయ్యల రైతులకి వేరే ఒక మాట. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రెండు గంటల్లో చెరువు పోతుంది, మీకు నేను చెప్పక్కర్లేదు. అలారం డబ్బా పెట్టుకున్నవాళ్లు, మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుందని పడుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి కరెంటు పోతుంది, ఏరియేటర్లు ఆగుతాయి, టవర్‌కీ అదే కరెంటు, దాని బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే అది బతుకుతుంది. అలారం అరవాల్సిన టైములో అలారం నోరు కూడా మూతపడుతుంది. కాబట్టి ప్రమాదం వస్తేనే మెసేజ్ పంపే డబ్బా వద్దు. బాగున్నాను అని పావుగంటకొకసారి చెప్పే డబ్బా కావాలి. ఆ మాట రెండుసార్లు రాకపోతే అవతల సర్వరు మీకు ఫోన్ కొట్టాలి. అప్పుడు డబ్బా చచ్చినా, సిమ్ చచ్చినా, టవర్ పడినా మీకు తెలుస్తుంది. చెరువు దగ్గర కరెంటు ఉంటుంది కాబట్టి బ్యాటరీ లెక్క పట్టించుకోనక్కర్లేదు, కరెంటు పోయినప్పుడు కొన్ని గంటలు నిలిచే చిన్న బ్యాటరీ మాత్రం డబ్బాలో ఉండాలి. ఆ ఫోన్ అందుకునే మీ సెల్లు కూడా చెరువు ఊళ్లోనే ఉంటే, అదే టవర్ మీద ఉంటుందని మర్చిపోవద్దు. బాపట్లలోనో గుంటూరులోనో ఉన్న బంధువు నంబరు రెండోదిగా ఇవ్వండి.

చివరిగా ఒక పని పెట్టుకుందాం. ఒక్కొక్కరం ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో డబ్బా కొంటే సిమ్ చార్జీలో మన మాట చెల్లదు. రైతు సేవా కేంద్రం పరిధిలోనో, సొసైటీ తరఫునో యాభై మంది కలిసి అడిగితే, సిమ్ చార్జీ ఐదేళ్లకి ముందే కట్టించి, కంపెనీ మూతపడితే సర్వరు మార్చుకునే షరతు రాయించుకోవచ్చు. దానికి ముందు ఏ ఊళ్లో ఏ నెట్‌వర్క్ ఎంతుందో మన దగ్గర లెక్క ఉండాలి. మీ మోటారు దగ్గర నిలబడి, పైన చెప్పినట్టు `dBm` అంకె చూసి, ఊరి పేరు, నెట్‌వర్క్ పేరు, చేలో ఏ పంట ఉంది, ఈ మూడూ కలిపి కింద రాయండి. కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు, భట్టిప్రోలు, చెరుకుపల్లి, నగరం, నిజాంపట్నం మండలాలు ముందు మొదలుపెట్టండి. వచ్చిన వాటన్నిటినీ పట్టీ వేసి సంక్రాంతి లోపల ఇక్కడే పెడతాను.